లాంగ్ రన్‌కి ముందు ఏం తినాలి? అర్ధరాత్రి 2 గంటలకే లేచి టిఫిన్ చేయాలా? ఈ చిన్న లెక్క తెలిస్తే చాలు!

ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు 25 కిలోమీటర్ల రన్. మూడు గంటల ముందే తినాలని ఒకరంటారు. ఖాళీ కడుపుతో పరిగెడితేనే మంచిదని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత తేడా ఉంది. మరి ఇడ్లీనా, అరటిపండా, బ్రెడ్డా? ఎంత? ఎన్ని గంటలకు? చూద్దాం..

హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్, విశాఖలో బీచ్ రోడ్.. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే రన్నర్లు, సైక్లిస్టులు కనిపిస్తుంటారు. మన ఎండలకి, ట్రాఫిక్‌కి లాంగ్ రన్ అంటే తెల్లవారుజామునే చేయాలి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కూడా పొద్దున్నే మొదలవుతుంది. సమస్య అక్కడే వస్తోంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు ఉదయం 9 గంటలకో 10 గంటలకో మొదలయ్యే రేసుల కోసం రాసినవి. 'మూడు గంటల ముందు టిఫిన్ చేయండి' అనే మాట వాళ్లకి సరిపోతుంది. 5 గంటలకు పరిగెత్తేవాళ్లు అదే పాటిస్తే రాత్రి 2 గంటలకు స్టవ్ వెలిగించాలి!

మా ఎడిటింగ్ రూమ్‌లో పనిచేసే ఒక అన్న పోయినేడాది తన మొదటి ఫుల్ మారథాన్‌కి ప్రాక్టీస్ చేస్తూ ఈ తిప్పలన్నీ పడ్డాడు. ఆయన బరువు 60 కిలోలు. మూడు ఆదివారాలు 28 కిలోమీటర్లు కొట్టాలని బయల్దేరాడు. రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయాడు. మూడోసారి పూర్తి చేశాడు. ఆ మూడు రోజుల్లో ఏం తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో చూస్తే విషయం మొత్తం అర్థమైపోతుంది.

రాత్రి నిద్రలో ఒంట్లో ఏం జరుగుతుంది?

అన్నం, ఇడ్లీ, అరటిపండు.. ఏది తిన్నా అందులోని కార్బోహైడ్రేట్ చివరికి గ్లూకోజ్ అవుతుంది. వెంటనే ఖర్చవ్వని గ్లూకోజ్‌ని ఒళ్లు గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఆ దాచుకునే చోట్లు రెండు. ఒకటి కండరాలు. మామూలు మనిషి కండరాల్లో సుమారు 400 గ్రాములు పడుతుంది. రెండోది లివర్. అక్కడ 80 నుంచి 100 గ్రాముల దాకా ఉంటుంది.

ఈ రెండిటి పని వేరు. కండరంలో ఉన్నది ఆ కండరానికే. పక్కవాళ్లకి ఇవ్వదు. లివర్‌లో ఉన్నది మాత్రం రక్తంలోకి వచ్చి మెదడుతో సహా అందరికీ అందుతుంది. మనం నిద్రపోయినా మెదడు పని ఆపదు కదా. గంటకి సుమారు 5 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటూనే ఉంటుంది. రాత్రి భోజనం అరిగిపోయాక ఆ ఖర్చంతా లివర్ మీదే పడుతుంది. అందుకే పొద్దున లేచేసరికి లివర్ స్టాక్ సగమో అంతకంటే ఎక్కువో తగ్గిపోయి ఉంటుంది. కండరాల స్టాక్ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. పడుకున్నప్పుడు కాళ్లకి పని లేదు కాబట్టి.

దీన్నిబట్టి తెలిసేది ఏంటంటే.. కాళ్లకి కావాల్సిన ఇంధనం ముందు రోజు భోజనాల నుంచి వస్తుంది. ముఖ్యంగా రాత్రి భోజనం నుంచి. పొద్దున తినేది లివర్ ట్యాంక్‌ని టాప్ అప్ చేయడానికి. పొద్దున్నే కడుపు నిండా తిని మొత్తం శక్తి తెచ్చుకోవాలని చూడటం వల్లే చాలామందికి ఇబ్బంది వస్తోంది.

మొదటి ఆదివారం: బ్లాక్ కాఫీ మాత్రమే

ఆ శనివారం రాత్రి అన్న ఫ్రెండ్స్‌తో కలిసి 10:30కి మటన్ బిర్యానీ తిన్నాడు. పొద్దున 4 గంటలకు లేచి బ్లాక్ కాఫీ తాగి బయల్దేరాడు. దారిలో నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. 15 కిలోమీటర్ల దాకా హాయిగా వెళ్లాడు. 19వ కిలోమీటర్ దగ్గర ఒక్కసారిగా కాళ్లు బరువెక్కాయి. తల మొద్దుబారినట్టు అయింది. ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయి ఆటో పిలిపించుకుని ఇంటికొచ్చాడు. రన్నర్లు దీన్నే 'వాల్' తగిలిందంటారు.

బిర్యానీలో అన్నం ఉంది కదా, మరి శక్తి రాలేదా? వచ్చింది. బిర్యానీ వల్ల ఆయన ఆగిపోలేదు. లేటుగా, నూనె ఎక్కువగా తినడం వల్ల నిద్ర సరిగా పట్టలేదు, పొద్దున కడుపు బరువుగా ఉంది. అసలు దెబ్బ కొట్టింది వేరే. సగం ఖాళీ అయిన లివర్‌తో మొదలుపెట్టి, రెండు గంటల పాటు కొత్తగా ఒక్క గ్రాము కూడా వేయలేదు. స్టాక్ అయిపోయింది.

ఇదే అన్న అంతకుముందు వారం మధ్యలో ఖాళీ కడుపుతో 8 కిలోమీటర్లు పరిగెత్తేవాడు. ఏ ఇబ్బందీ లేదు. అందులో వింతేమీ లేదు. గంటలోపు అయిపోయే తేలికపాటి రన్‌కి ఉన్న స్టాక్ సరిపోతుంది. తినకపోయినా నడుస్తుంది. గంటన్నర దాటే సెషన్‌కి మాత్రం ఆ లెక్క పనికిరాదు.

రెండో ఆదివారం: 2:30కి లేచి ఆరు ఇడ్లీలు

ఈసారి ఎవరో 'మూడు గంటల ముందు బాగా తినాలి' అన్నారు. అన్న అలారం పెట్టుకుని 2:30కి లేచాడు. ఆరు ఇడ్లీలు వేడి చేసుకుని, పైన నెయ్యి, పక్కన పల్లీ చట్నీ వేసుకుని తిన్నాడు. మళ్లీ పడుకున్నాడు కానీ నిద్ర పట్టలేదు. 5 గంటలకు మొదలుపెడితే మూడో కిలోమీటర్‌కే కడుపులో ఏదో కదులుతున్నట్టు, పుల్లటి తేన్పులు. 9వ కిలోమీటర్ దగ్గర డొక్కలో పోటు. 12 దగ్గర ఆపేశాడు.

ఇడ్లీ తప్పేం కాదు. నిజానికి లాంగ్ రన్‌కి ముందు మన టిఫిన్లలో మంచిది ఇడ్లీనే. ఆవిరి మీద ఉడికింది, నూనె లేదు, పిండి పులిసింది కాబట్టి తేలిగ్గా అరుగుతుంది. ఇబ్బంది పెట్టింది దాని పక్కన ఉన్న నెయ్యి, పల్లీ చట్నీ. కొవ్వు పడితే కడుపులోంచి తిండి కిందికి దిగడం ఆలస్యమవుతుంది. రెండున్నర గంటలైనా ఇంకా పైనే ఉంది. పరిగెత్తేటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్లకి వెళ్తుంది, కడుపుకి తగ్గుతుంది. దాంతో అరుగుదల ఇంకా మందగిస్తుంది. పైగా ప్రతి అడుగుకీ కడుపు కుదుపు.

ఎంత తినాలి? గంటకి ఎంత చొప్పున?

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, మరో రెండు పోషకాహార సంస్థలు కలిసి 2016లో ఇచ్చిన సూచన ప్రకారం.. గంటకి మించిన వ్యాయామానికి 1 నుంచి 4 గంటల ముందు, కిలో బరువుకి 1 నుంచి 4 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవచ్చు. దీన్ని గుర్తుపెట్టుకోవడానికి రన్నర్లు వాడే సింపుల్ లెక్క ఒకటుంది. ఎన్ని గంటల ముందు తింటే కిలోకి అన్ని గ్రాములు. అంతకంటే తక్కువ తిన్నా పర్లేదు, ఎక్కువైతేనే కడుపు మొరాయిస్తుంది.

60 కిలోల మనిషికి ఇలా వస్తుంది..

- 3 గంటల ముందు: 180 గ్రాముల దాకా. అంటే దాదాపు పూర్తి భోజనం.
- 2 గంటల ముందు: 120 గ్రాముల దాకా. మధ్యరకం టిఫిన్, పక్కన ఒక పండు.
- 1 గంట ముందు: 60 గ్రాముల దాకా. తేలికపాటి తిండి మాత్రమే.
- 10 నిమిషాల ముందు: 20 గ్రాములు చాలు. ఒకటి రెండు గుక్కల్లోనో రెండు మూడు ముక్కల్లోనో అయిపోవాలి.

5 గంటలకు పరిగెత్తేవాళ్లకి పై రెండు లైన్లు దాదాపు పనికిరావు. రెండు మూడు గంటల నిద్ర పోగొట్టుకుని తెచ్చుకునే టిఫిన్ కంటే ఆ నిద్రే ఎక్కువ విలువైంది. అందుకే పెద్ద భోజనాన్ని ముందు రోజు రాత్రికి జరపాలి. పొద్దున ఒక గంట ముందు 50, 60 గ్రాములు తినాలి. మిగతాది పరిగెడుతూ తీసుకోవాలి. ఫుల్ మారథాన్ రేసు రోజు మాత్రం కొందరు రెండు గంటల ముందే లేచి తింటారు. అది ఏడాదికి ఒకటి రెండు రోజులే కాబట్టి ఫర్వాలేదు. ప్రతి ఆదివారం అవసరం లేదు.

ఏ కార్బ్స్? ఇక్కడ 'హెల్తీ ఫుడ్' లెక్క తిరగబడుతుంది

రోజూ తినడానికి రాగి జావ, ఓట్స్, మొలకలు, జొన్నరొట్టె మంచివని మనమే రాస్తుంటాం. నిజమే. కానీ రన్‌కి గంట ముందు మాత్రం వీటిని పక్కన పెట్టాలి. వాటిలో ఉండే పీచు నెమ్మదిగా అరుగుతుంది, గ్యాస్ పుట్టిస్తుంది, పేగుల్ని కదిలిస్తుంది. ఆ కదలిక ఇంట్లో ఉంటే మంచిదే. 14వ కిలోమీటర్ దగ్గర, చుట్టుపక్కల ఒక్క టాయిలెట్ లేని చోట వస్తేనే కష్టం.

ఆ గంటలో కావాల్సింది తెల్లటి, మెత్తటి, చప్పటి తిండి. పీచు తక్కువ, కొవ్వు తక్కువ, కారం అసలు లేనిది. మన ఇళ్లలో దొరికేవాటిలో ఏది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

అరటిపండు: పెద్ద పండులో సుమారు 25 గ్రాములు. చిన్న చక్కెరకేళి అయితే అంతకంటే తక్కువ. తొక్క మీద మచ్చలు పడ్డ పండునే తీసుకోండి. సగం పచ్చిగా ఉన్న పండులో పిండి ఇంకా చక్కెరగా మారదు. అది సరిగా అరగక గ్యాస్ వస్తుంది.

బ్రెడ్, జామ్ లేదా తేనె: ఒక తెల్ల బ్రెడ్ స్లైస్‌లో 12 నుంచి 15 గ్రాములు. చెంచా జామ్ వేస్తే ఇంకో 10 గ్రాముల పైన. ఇక్కడ బ్రౌన్ బ్రెడ్ వద్దు. వెన్న, పీనట్ బటర్ కూడా వద్దు.

ఇడ్లీ: సైజును బట్టి ఒక్కోదానిలో 8 నుంచి 12 గ్రాములు. గంట ముందైతే మూడు, గంటన్నర రెండు గంటల ముందైతే ఐదారు. చట్నీకి బదులు కొంచెం పంచదారో తేనెనో అద్దుకుంటే సరి. చిన్నప్పుడు తిన్నట్టే అన్నమాట.

సగ్గుబియ్యం జావ: దీన్ని రన్నర్లు పెద్దగా పట్టించుకోరు కానీ భలే పనికొస్తుంది. సగ్గుబియ్యం దాదాపు మొత్తం పిండిపదార్థమే. పీచు లేదు, కొవ్వు లేదు. పాలు పోయకుండా నీళ్లతో కాచి కాస్త బెల్లం వేసుకుంటే నమలాల్సిన పని కూడా ఉండదు. పొద్దున్నే ఏదీ నోట్లోకి పోనివాళ్లకి ఇది సులువు. రాత్రే నానబెట్టి ఉంచుకోవాలి.

ఇక గంట ముందు అస్సలు వద్దనుకునేవి: పూరి, వడ, దోసె, పెసరట్టు. పెసరట్టులో పప్పు ఎక్కువ, అందుకే నెమ్మదిగా అరుగుతుంది. మిగతావాటిలో నూనె. పాలు పడనివాళ్లు టీ, పాల కాఫీ కూడా మానుకోవాలి. రన్ అయిపోయాక పెసరట్టు ఉప్మా రెండు ప్లేట్లు లాగించినా ఎవరూ అడగరు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ తాగితే చాలనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఓఆర్ఎస్‌లో లీటర్‌కి 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. అది నీళ్లు, ఉప్పు కోసం చేసింది. శక్తి లెక్కలో అది అరటిపండులో సగం.

గంట ముందు తీపి తింటే షుగర్ పడిపోతుందా?

ఇది చాలామందికి ఉన్న డౌట్. కార్బ్స్ తినగానే ఇన్సులిన్ పెరుగుతుంది. అది రక్తంలోని గ్లూకోజ్‌ని కణాల్లోకి పంపుతుంది. సరిగ్గా అదే టైంలో పరుగు మొదలుపెడితే కండరాలు కూడా గ్లూకోజ్ లాగేసుకుంటాయి. రెండూ కలిసి మొదటి పావుగంట, అరగంటలో షుగర్ లెవల్ కొంచెం కిందికి దిగొచ్చు. అర్థగంట నుంచి గంట ముందు తిన్నవాళ్లలో ఇది కనిపిస్తుంది.

కానీ చాలామందికి ఇది తెలియను కూడా తెలియదు. కాసేపటికి లివర్ సర్దేస్తుంది. పరుగు వేగం మీద కూడా పెద్దగా ప్రభావం ఉండదని ఎక్కువ పరిశోధనల్లో తేలింది. కొద్దిమందికి మాత్రం మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే చేతులు వణకడం, చల్లటి చెమట, నీరసం వస్తాయి. మీరు ఆ కొద్దిమందిలో ఉంటే రెండు దారులున్నాయి. తినే టైంని ఇంకో అరగంట ముందుకి జరపండి. లేదంటే గంట ముందు ఏమీ తినకుండా, వార్మప్ అయ్యాక సరిగ్గా స్టార్ట్ చేసే 5, 10 నిమిషాల ముందు కొద్దిగా తీసుకోండి. పరుగు మొదలయ్యాక ఇన్సులిన్ పెద్దగా పెరగదు.

మూడో ఆదివారం: 28 కిలోమీటర్లు పూర్తి

ఈసారి అన్న ప్లాన్ మార్చాడు. శనివారం రాత్రి 7:45కే భోజనం. రెండున్నర కప్పుల తెల్లన్నం, పల్చటి చారు, తక్కువ నూనెతో ఆలుగడ్డ కూర, చివర్లో కొంచెం పెరుగు. అన్నంలో సుమారు 110 గ్రాములు, ఆలుగడ్డలో 15, 20 గ్రాముల కార్బ్స్. పచ్చళ్లు, ఆకుకూర, సలాడ్ ఆ ఒక్క పూటకి పక్కన పెట్టాడు. 9:30కి నిద్ర.

పొద్దున 4 గంటలకు లేచాడు. 4:10కి ఒక పెద్ద అరటిపండు, రెండు బ్రెడ్ స్లైసులు, మీద ఒక చెంచా జామ్. మొత్తం సుమారు 60 గ్రాములు. అంటే కిలోకి 1 గ్రాము. ఒక గ్లాసున్నర నీళ్లు. తర్వాత బాత్రూమ్‌కి వెళ్లడానికి కూడా టైం దొరికింది. 5:10కి స్టార్ట్.

40 నిమిషాల దగ్గర ఒక జెల్. అందులో 20, 25 గ్రాములు ఉంటాయి. అక్కడి నుంచి ప్రతి అరగంటకి మూడు చిన్న ఖర్జూరాలో ఇంకో జెల్లో, నీళ్లతో. గంటకి సుమారు 40 గ్రాములు వెళ్లింది. ఇంత పొడవు రన్‌కి గంటకి 30 నుంచి 60 గ్రాములు మామూలు లెక్క. 19వ కిలోమీటర్ దగ్గర, పోయినసారి కూర్చుండిపోయిన ఫుట్‌పాత్ దాటుతుంటే నవ్వొచ్చిందట. చివరి నాలుగు కిలోమీటర్లు కాళ్లు నొప్పెట్టాయి. కానీ అది అలసట మాత్రమే. తల మొద్దుబారలేదు, కాళ్లు ఆగిపోలేదు.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఈసారి ఆయన స్పీడ్ కూడా కిలోమీటర్‌కి 20 సెకన్లు తగ్గించాడు. వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ ఇంకా త్వరగా ఖర్చవుతుంది. ప్రాక్టీస్ లేని వేగంతో పరిగెడితే ఏ టిఫిన్ కూడా కాపాడదు.

మీకు ఎక్కడ తేడా కొడుతోంది?

మొదటి అరగంటలోనే వణుకు, చెమట వస్తే తిన్న టైం తప్పు. అరగంట ముందుకి జరపండి. తేన్పులు, డొక్కలో పోటు, కడుపులో నీళ్లు కదిలినట్టు ఉంటే ఎక్కువ తిన్నారు లేదా కొవ్వు పడింది. సగం చేయండి. మధ్యలో టాయిలెట్ కోసం వెతుక్కుంటే పీచు, పాలు, ముందు రాత్రి కారం.. వీటిలో ఒకటి. గంటన్నర, రెండు గంటలు దాటాక ఒక్కసారిగా డల్ అయిపోతే దారిలో తినడం సరిపోలేదు, లేదా రాత్రి భోజనం తగ్గింది.

ఒక ఆదివారం ఒక్క మార్పే చేయండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పొద్దున్నే ఏమీ తినలేనివాళ్లు అర అరటిపండుతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచితే కడుపు కూడా అలవాటు పడుతుంది. సైక్లిస్టులకి కుదుపు తక్కువ కాబట్టి ఇదే గంటలో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. రేసు రోజు పొద్దున ఎక్స్‌పోలో ఇచ్చిన కొత్త జెల్, హోటల్ బఫేలో కొత్త టిఫిన్ ట్రై చేయకండి.

షుగర్ ఉన్నవాళ్లకి ఈ లెక్కలు నేరుగా వర్తించవు. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడుతున్నవాళ్లకి లాంగ్ రన్‌లో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు డోసు, తినే టైం రెండూ కలిపి డాక్టర్‌తో మాట్లాడాకే లాంగ్ రన్ మొదలుపెట్టాలి.

అన్నట్టు.. మా అన్న ఇప్పుడు శనివారం బిర్యానీని ఆదివారం మధ్యాహ్నానికి మార్చుకున్నాడు. 28 కిలోమీటర్ల తర్వాత దాని రుచే వేరంటున్నాడు.